హోమ్ స్క్రీన్ మీద ఎప్పుడూ అవే ఎందుకు వస్తాయి, వాటిని దాటి వెళ్లడం ఎలా

ప్రశ్న: మూడేళ్ల నుంచి నెట్‌ఫ్లిక్స్ ఉంది. మధ్యలో ఓ నెల రోజులు వరసగా క్రైమ్ సిరీస్‌లు చూశాను. అప్పటి నుంచి తెరిస్తే చాలు, హత్యలు, పోలీసులు, సీరియల్ కిల్లర్లే. ఫ్రెండ్ ఒక మంచి మలయాళం సినిమా గురించి చెబితే వెతికాను, అది ఇందులోనే ఉంది. నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. యూట్యూబ్‌లోనూ ఇదే గోల. Not interested ఎన్నిసార్లు నొక్కినా మారట్లేదు. కొత్త అకౌంట్ తీసుకోవాలా, వేరే దారి ఉందా?

సమాధానం:

కొత్త అకౌంట్ అక్కర్లేదు. దానివల్ల మీరు అనుకునే లాభం కూడా రాదు, ఎందుకో కింద చెబుతాను. నేను చాలా ఏళ్లుగా, ఎవరికి ఏం చూపించాలో ఎంచే రికమెండేషన్ సిస్టమ్స్ మీదే పనిచేస్తున్నాను. మీలాగా అడిగే అందరికీ ముందు ఒకటే చెబుతాను. హోమ్ స్క్రీన్ మీద ఉన్న బటన్లతో హోమ్ స్క్రీన్‌ని మార్చడం చాలా కష్టం. మీరు బయటి నుంచి, అంటే సెర్చ్‌లోంచో, సొంత లిస్టులోంచో ఎంచుకుని చూసినవే దాన్ని నిజంగా మారుస్తాయి. అది ఎందుకో అర్థం కావాలంటే ఆ స్క్రీన్ ఎలా నిండుతుందో కాస్త తెలియాలి.

2018లో నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసే హరాల్డ్ స్టెక్ అనే పరిశోధకుడు ఒక పేపర్ రాశారు. అందులో ఒక చిన్న ఉదాహరణ ఉంది. ఒకాయన చూసిన సినిమాల్లో 70 శాతం ప్రేమకథలు, 30 శాతం యాక్షన్ సినిమాలు. ఆయనకి పది సినిమాలు చూపించాలంటే ఏడు ప్రేమకథలు, మూడు యాక్షన్ సినిమాలు వస్తాయని మనం అనుకుంటాం. కానీ కచ్చితత్వం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకున్న సిస్టమ్ పదీ ప్రేమకథలే ఇచ్చేస్తుంది. కారణం చాలా సింపుల్. మొదటి గడిలో ఏది పెడితే ఆయన నొక్కే అవకాశం ఎక్కువ? ప్రేమకథ. రెండో గడిలో? మళ్లీ ప్రేమకథే. ప్రతి గడికీ విడివిడిగా లెక్క కట్టినప్పుడు 70 ముందు 30 ప్రతిసారీ ఓడిపోతుంది. ఒక్కో గడి లెక్క సరిగ్గానే ఉంది, మొత్తం లిస్టు మాత్రం తప్పింది. ఆయనలోని 30 శాతం మనిషి స్క్రీన్ మీద లేకుండా పోయాడు.

దీనికి స్టెక్ విరుగుడు కూడా చెప్పారు. లిస్టు తయారయ్యాక, చూసిన పాళ్లు అందులోనూ ఉన్నాయా అని సరిచూసి వరస మార్చే పద్ధతి అది. పెద్ద కంపెనీలు ఇలాంటి సర్దుబాట్లు ఏదో ఒక రూపంలో చేస్తూనే ఉంటాయి. అందుకే మీ హోమ్‌లో అక్కడక్కడా ఒక కామెడీ, ఒక డాక్యుమెంటరీ కనిపిస్తాయి. అయినా ఆ లాగుడు పూర్తిగా పోదు.

ఇప్పుడు మీ నెల రోజుల సంగతి చూడండి. ఒక సినిమా చూస్తే రికార్డులో ఒక పేరు, రెండు గంటలు. ఎనిమిది ఎపిసోడ్‌ల క్రైమ్ సిరీస్ చూస్తే ఎనిమిది ఎంట్రీలు, ఆరేడు గంటలు. అందులోనూ క్రైమ్ సిరీస్ రాత్రికి రాత్రి పూర్తి చేయించేలా రాస్తారు, మధ్యలో ఆపేవాళ్లు తక్కువ. అంటే మీరు ఆ నెలలో నాలుగు సిరీస్‌లు చూసినా, అంతకు ముందు ఆరు నెలలు తాపీగా చూసిన కుటుంబ కథలన్నీ ఆ గంటల ముందు తేలిపోతాయి. మీ ఇష్టం మారలేదు. నెల రోజుల మూడ్ మారింది, అంతే. కానీ సిస్టమ్‌కి ఇష్టానికీ మూడ్‌కీ తేడా తెలిసే దారి లేదు. మీరు ఏం చూశారు, ఎంతసేపు చూశారు, ఎక్కడ ఆపేశారు, ఇవే దానికి తెలిసినవి.

ఇంతవరకే అయితే మెల్లగా అదే సర్దుకునేది. అసలు చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. సిస్టమ్ క్రైమ్ చూపిస్తుంది. మీ ముందు ఉన్నది అదే కాబట్టి ఉన్నవాటిలో కాస్త బాగున్నది నొక్కుతారు. ఆ నొక్కడం "ఇతనికి క్రైమ్ ఇష్టం" అన్నదానికి కొత్త సాక్ష్యంగా రికార్డులోకి వెళ్తుంది. మలయాళం సినిమా మీకు నచ్చలేదని ఎక్కడా రాసి లేదు, నచ్చిందనీ రాసి లేదు. అసలు చూపించనే లేదు కాబట్టి దాని గురించి ఏ సమాచారమూ లేదు. తను చూపించినవాటిలోంచే మీరు ఎంచుకున్నారు, ఆ ఎంపికనే తను పాఠంగా నేర్చుకుంది. అలిసన్ చేనీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2018లో ఇదే చక్రాన్ని సిమ్యులేషన్‌లో తిప్పి చూశారు. సిస్టమ్ తన సిఫార్సుల వల్ల వచ్చిన డేటాతోనే మళ్లీ నేర్చుకుంటూ పోతే జనం చూసేవి అవసరానికి మించి ఒకేలా తయారవుతాయనీ, దానికి తగ్గట్టు వాళ్లకి దక్కే తృప్తి మాత్రం పెరగదనీ తేలింది.

ఇందులో మన పాత్ర ఎంత ఉందో నెట్‌ఫ్లిక్స్ వాళ్లే రాశారు. కార్లోస్ గోమెజ్-ఉరీబే, నీల్ హంట్ 2015లో ప్రచురించిన పేపర్‌లో చెప్పినదాని ప్రకారం సగటు సభ్యుడు ఏం చూడాలో వెతకడం మొదలుపెట్టిన 60 నుంచి 90 సెకన్లలో ఆసక్తి పోగొట్టుకుంటాడు. ఆ కాస్త సమయంలో 10 నుంచి 20 టైటిల్స్ చూస్తాడు, వాటిలో బహుశా ఓ మూడింటిని కాస్త వివరంగా. జనం చూసే గంటల్లో దాదాపు 80 శాతం రికమెండేషన్ల వైపు నుంచి వస్తే, సెర్చ్ నుంచి వచ్చేది 20 శాతమే. అంటే మొదటి రెండు స్క్రీన్లు దాటి కిందికి వెళ్లేవాళ్లు తక్కువ, సెర్చ్ బాక్స్ తెరిచేవాళ్లూ తక్కువే. మీ ఫ్రెండ్ చెప్పిన సినిమా బహుశా ఎక్కడో ముప్పయ్యో వరసలో ఉండి ఉంటుంది. అక్కడ ఉన్నా, అసలు లేకపోయినా మీకు ఒకటే.

కంపెనీల వైపు న్యాయం కూడా చెప్పాలి. అందరికీ ఒకే టాప్ లిస్టు చూపించడం కంటే ఈ పద్ధతి నయమే. అదే పేపర్‌లో, ఒక్కొక్కరికీ విడిగా చూపించడం వల్ల మొత్తం కేటలాగ్‌లో ఎక్కువ సినిమాలకి ప్రేక్షకులు దొరుకుతున్నారని లెక్కలతో చూపించారు. అది నిజమే. కోట్ల మందిని కలిపి చూస్తే వైవిధ్యం పెరుగుతుంది, ఒక్క మనిషి స్క్రీన్ తీసుకుంటే తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. కాబట్టి "ఆల్గారిదమ్ వల్ల చిన్న సినిమాలకి మేలు" అని వాళ్లు అన్నా, "నాకు ఏమీ కనిపించట్లేదు" అని మీరు అన్నా, ఇద్దరిదీ తప్పు కాదు.

చూపించిన సినిమాలో కూడా మీకు కనిపించేది ఒక ముఖమే. ఒకే సినిమాకి వేర్వేరు మనుషులకి వేర్వేరు బొమ్మలు వేస్తామని నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు 2017లో వివరించారు. ప్రేమకథలు ఎక్కువ చూసేవాళ్లకి హీరో హీరోయిన్ల బొమ్మ, కామెడీలు చూసేవాళ్లకి అదే సినిమాలో ఉన్న హాస్యనటుడి బొమ్మ. మీ హోమ్‌లో కొన్ని సినిమాలు నిజానికి క్రైమ్ కాకపోయినా క్రైమ్‌లా కనిపిస్తున్నాయంటే ఇది ఒక కారణం కావచ్చు. బొమ్మని చూసి దాటెయ్యకుండా పేరు మీద నొక్కి రెండు లైన్లు చదవండి.

ఇప్పుడు యూట్యూబ్ సంగతి. దాని లోపలి పని గురించి బయటికి వచ్చినవాటిలో బాగా వివరంగా ఉన్నది గూగుల్ ఇంజనీర్లు 2016లో ప్రచురించిన పేపర్. ఆ తర్వాత చాలా మారింది కానీ అస్థిపంజరం తెలుసుకోవడానికి అది ఇప్పటికీ పనికొస్తుంది. అందులో రెండు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు లక్షలాది వీడియోల్లోంచి మీకోసం కొన్ని వందలు ఏరుతుంది. రెండో మెట్టు ఆ వందలకి వరస కడుతుంది. వరస కట్టేటప్పుడు చూసేది మీరు నొక్కుతారా అని మాత్రమే కాదు, నొక్కితే ఎంతసేపు చూస్తారని. మొదటి మెట్టులో రాలిపోయిన వీడియో ఎంత గొప్పదైనా రెండో మెట్టుకి రాదు, దాని గురించి ఎవరూ ఆలోచించరు. మీకు కావలసిన కొత్త సరుకు రాలిపోతున్నది ఇక్కడే.

ఆ మొదటి మెట్టుకి మీ గురించి ఇచ్చే సమాచారంలో ముఖ్యమైనవి రెండు. మీరు ఇటీవల చూసిన 50 వీడియోలు, ఇటీవల చేసిన 50 సెర్చ్‌లు. ఇప్పుడు ఆ సంఖ్యలు అలాగే ఉన్నాయని నేననను. కానీ ఇటీవలివాటికి బరువు ఎక్కువ, సెర్చ్‌లకి సొంతంగా ఒక చోటు ఉంది అన్న రెండు సంగతులూ మనకి ముఖ్యం. యాభైలో రెండు కొత్తవి ఉంటే ఏమీ తెలియదు. పదిహేను ఉంటే తెలుస్తుంది. ఇంకో మంచి సంగతి కూడా ఆ పేపర్‌లో ఉంది. ఒక వీడియోని మీకు చూపించినా మీరు పట్టించుకోకపోతే, పేజీ మళ్లీ తెరిచినప్పుడు దాన్ని కిందికి నెడుతుంది. అంటే నచ్చనిదాన్ని ఊరికే వదిలెయ్యడం కూడా ఒక సంకేతమే. "ఏముందో చూద్దాం" అని కోపంతోనో కుతూహలంతోనో నొక్కి మూడు నిమిషాలు చూస్తే మాత్రం ఓటు వేసినట్టే. తిట్టుకుంటూ చూసిన మూడు నిమిషాలూ, ఇష్టంగా చూసిన మూడు నిమిషాలూ రికార్డులో ఒకేలా కనిపిస్తాయి.

మీరు బటన్ల గురించి అడిగారు. 2022లో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనకున్న మొజిల్లా ఫౌండేషన్ ఇరవై వేలమందికి పైగా వాలంటీర్ల బ్రౌజర్లలోంచి డేటా తీసుకుని ఇదే పరీక్షించింది. వద్దనుకున్న వీడియో లాంటివి మళ్లీ రాకుండా ఏ బటన్ ఎంత ఆపుతుందని చూశారు. Not interested ఆపింది 11 శాతం. డిస్‌లైక్ 12 శాతం. వాచ్ హిస్టరీలోంచి ఆ వీడియోని తీసేస్తే 29 శాతం. Don't recommend channel నొక్కితే 43 శాతం. అన్నిటికంటే బలమైన బటన్ కూడా సగం పని చెయ్యలేదు. మీరు విసిగిపోయారంటే అందులో మీ తప్పేమీ లేదు.

ఎందుకిలా అంటే, Not interested ఒక్క వీడియో గురించి ఒక్క మాట చెబుతుంది. ఆ వీడియో పోతుంది. కానీ అది రావడానికి కారణమైన మీ యాభై వీడియోల చరిత్ర అక్కడే ఉంది, అదే చరిత్ర దాని పక్కనున్న వీడియోని ముందుకు తోస్తుంది. హిస్టరీలోంచి తీసెయ్యడం దానికంటే బాగా పనిచేసింది, ఎందుకంటే అది కారణం మీదే చెయ్యి వేస్తుంది. ఛానల్ బటన్ ఇంకా బాగా పనిచేసింది, ఎందుకంటే అది ఒక పేరుని మొత్తంగా అడ్డుకుంటుంది. కానీ ఈ నాలుగూ "ఇది వద్దు" అనేవే. "అది కావాలి" అనేది వీటిలో ఒక్కటీ లేదు. ఖాళీ చేసిన చోటులో ఏం పెట్టాలో మీరు చెప్పకపోతే సిస్టమ్ తనకి తెలిసినదే మళ్లీ పెడుతుంది.

ఇది ఇంట్లో ఎలా చేస్తారో ఒక ఉదాహరణతో చెబుతాను. మా బాబాయి గుంటూరులో ఉంటారు, రిటైరయ్యారు. టీవీలో యూట్యూబ్ తెరిస్తే రాజకీయ డిబేట్లు తప్ప ఇంకేమీ రావడం లేదని, రాత్రి పడుకునేముందు అవి చూస్తే బీపీ పెరుగుతోందని ఫోన్ చేశారు. ఆయనకి అసలు ఇష్టమైనవి పద్యనాటకాలు. "అబ్బాయ్, నేను నాటకాల మనిషిని, దీనికి ఆ సంగతి తెలీదేంట్రా?" అన్నారు. తెలిసే అవకాశం లేదు. ఆయన ఎప్పుడూ దాన్ని నాటకం అడగలేదు, వచ్చినవే చూశారు.

ఊరెళ్లినప్పుడు ఇద్దరం కూర్చుని ముందు హిస్టరీ తెరిచాం. కంప్యూటర్‌లో అయితే `youtube.com/feed/history`. అందులో ఒక విషయం బయటపడింది. ఆయన పదిన్నరకి కునుకు తీస్తే టీవీ ఆగడం లేదు. ఆటోప్లే ఒక డిబేట్ తర్వాత ఇంకోటి వేసుకుంటూ పోయింది. మనిషి నిద్రపోయాక నడిచిన గంటన్నర కూడా ఆయన శ్రద్ధగా చూసిన గంటన్నరగానే పడింది. నిడివి ఎక్కువున్న డిబేట్లు చివరిదాకా నడిచాయంటే సిస్టమ్‌కి అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? అందుకని మొట్టమొదట ఆటోప్లే ఆపేశాం. ఎవరింట్లో అయినా ముందు చెయ్యాల్సిన పని ఇదే అని నా నమ్మకం.

తర్వాత హిస్టరీలోంచి గత నెల డిబేట్లు తీసేశాం. అన్నీ కాదు. ఒక్కోటి తీస్తూ కూర్చుంటే విసుగొస్తుంది కాబట్టి, ఆ పేజీలో ఉన్న సెర్చ్ పెట్టెలో ఛానల్ పేరు కొట్టి వచ్చినవి తీశాం. మొత్తం హిస్టరీని తుడిచెయ్యమని ఆయన అన్నారు, నేను వద్దన్నాను. అందులో ఆయనకి ఇష్టమైన పాత పాటలు, భాగవత ప్రవచనాలు కూడా ఉన్నాయి. అన్నీ తుడిస్తే సిస్టమ్ ఆయన్ని ఏమీ తెలియని కొత్త మనిషిగానే చూస్తుంది, ఆ ఇష్టాలు కూడా మర్చిపోతుంది.

ఇక నింపడం. ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. మన వీడియోలకి కొందరు తెలుగు లిపిలో పేరు పెడతారు, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో. `సురభి నాటకం` అని కొడితే వచ్చే ఫలితాలు, `surabhi natakam` అని కొడితే వచ్చేవి చాలావరకు వేరు. పాత రికార్డింగులు ఎక్కించిన చిన్న ఛానళ్లు రెండో రకంలోనే ఎక్కువ కనిపించాయి. `natakam` అని ఒక్కమాటే కొడితే కామెడీ బిట్లు వచ్చి పడ్డాయి, `padya natakam` అన్నాక దారికొచ్చింది. కొత్త వీడియోలు పాతవాటిని తొక్కేస్తున్నాయనిపిస్తే సెర్చ్‌లోనే తేదీ కూడా పెట్టొచ్చు.

```
padya natakam before:2013-01-01
```

ఇలా అడిగితే ఆ తేదీకి ముందు ఎక్కించినవే చూపిస్తుంది. వ్యూస్ వందల్లో ఉండే వీడియోలు చాలా బయటపడ్డాయి. వాటిని హోమ్ పేజీ ఎప్పటికీ చూపించదు, ఎందుకంటే మొదటి మెట్టు దాటడానికి సరిపడా జనం వాటిని చూడలేదు. ఆడియో బొంగురుగా ఉంది, కెమెరా కదలదు, అయినా బాబాయి మొదటిదాన్ని లేవకుండా చూశారు. అలా చివరిదాకా చూడటమే కావలసింది. ఇరవై వీడియోలు తెరిచి ఒక్కో నిమిషం చూసి మూసేస్తే "ఇతనికి ఇవి నచ్చలేదు" అని అర్థం చేసుకుంటుంది. అందుకే మొదటి రోజుల్లో తక్కువ చూడండి, పూర్తిగా చూడండి. నచ్చిన ఛానల్‌ని సబ్‌స్క్రైబ్ చేసి, యాప్ తెరవగానే హోమ్‌లోకి కాకుండా Subscriptions లోకి వెళ్లడం అలవాటు చేసుకోండి. ఆ పేజీలో మీరు ఎంచుకున్న ఛానళ్లే వస్తాయి.

వారం రోజులకి పెద్దగా తేడా లేదు. రెండో వారంలో నాటకాలు వచ్చాయి, వాటితోపాటే పల్లెటూరి కామెడీ స్కిట్లు కూడా వచ్చాయి. సిస్టమ్‌కి నాటకమన్నా స్కిట్ అన్నా దగ్గర దగ్గరే, ఎందుకంటే రెండూ చూసే జనం కొంతవరకు ఒకటే. Don't recommend channel వాడుకోవాల్సింది సరిగ్గా ఇలాంటి చోట. కొత్త దారి పడుతున్నప్పుడు పక్కకి జారే చోట రెండు మూడు ఛానళ్లని ఆపితే దారి సరవుతుంది. నెలలోపు ఆయన హోమ్‌లో మొదటి స్క్రీన్ సగం నాటకాలు, హరికథలు, పాత రేడియో రికార్డింగులతో నిండింది. హరికథలు మేం వెతకలేదు, అవే వచ్చాయి. అంటే ఇదే యంత్రం సరైన వైపు నుంచి తోస్తే మనకి తెలియనివి కూడా తెచ్చి ఇస్తుంది.

ఎన్నికల సమయంలో మళ్లీ డిబేట్లు చూశారు, మళ్లీ అవి వచ్చాయి. ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. ఇటీవలివాటికి బరువు ఎక్కువ కాబట్టి ఎంత త్వరగా మారుతుందో అంత త్వరగా వెనక్కీ వెళ్తుంది. ఇప్పుడు ఆయన ఓట్ల లెక్కింపులాంటి రోజుల్లో హిస్టరీని పాజ్ చేసి చూసుకుంటారు. హిస్టరీ పేజీలోనే Pause watch history ఉంటుంది. ఇంటికి పిల్లలొచ్చి టీవీలో రైమ్స్ పెట్టినప్పుడూ ఇదే చెయ్యండి.

కొందరు హిస్టరీని శాశ్వతంగా ఆపేస్తారు. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్, హిస్టరీ ఆపేసి ఉండి పాత చరిత్ర కూడా పెద్దగా లేనివాళ్లకి హోమ్ పేజీని దాదాపు ఖాళీగా చూపిస్తోంది. సెర్చ్ పెట్టె, సబ్‌స్క్రిప్షన్లు ఉంటాయి, సిఫార్సులు ఉండవు. ఏం కావాలో ముందే తెలిసినవాళ్లకి ఇది హాయి. బాబాయిలా "ఏదో ఒకటి మంచిది పెట్టు" అనుకునేవాళ్లకి కాదు.

మీ నెట్‌ఫ్లిక్స్‌కి వద్దాం. బ్రౌజర్‌లో `netflix.com/viewingactivity` తెరవండి. మీ ప్రొఫైల్‌లో చూసినవన్నీ తేదీలతో వస్తాయి. ఒక్కో పేరు పక్కన దాచే గుర్తు ఉంటుంది. సిరీస్‌లో ఒక ఎపిసోడ్ దాస్తే మొత్తం సిరీస్ దాచాలా అని కూడా అడుగుతుంది. దాచినదాన్ని మళ్లీ చూస్తే తప్ప సిఫార్సుల లెక్కలోకి తీసుకోరు, అయితే అన్ని డివైజుల్లో అమలు కావడానికి 24 గంటల వరకు పడుతుంది. నిజంగా నచ్చిన క్రైమ్ సిరీస్‌లని ఉంచండి. సగంలో వదిలేసినవి, టైమ్‌పాస్‌కి చూసినవి దాచండి. మీకు కావలసింది క్రైమ్ పూర్తిగా పోవడం కాదు కదా, దాని పాలు దానికి ఉండాలి, అంతే.

రెండో పని భాష. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఏ భాషల సినిమాలు ఇష్టమో ఎంచుకునే చోటు ఉంది. చాలామంది మొదటి రోజు ఒకటో రెండో టిక్ చేసి మళ్లీ అటు చూడరు. అక్కడ మలయాళం కలపండి. వెబ్‌సైట్‌లో పైనుండే Browse by Languages పేజీ ఇంకా మంచిది. అక్కడ Original Language అని పెట్టి మలయాళం ఎంచుకుంటే ఆ భాషలో ఉన్నవన్నీ ఒకచోట వస్తాయి, మీ క్రైమ్ చరిత్రతో పెద్దగా సంబంధం లేకుండా. మీ ఫ్రెండ్ చెప్పిన సినిమా అక్కడ దొరికి ఉండేది. డబ్బింగ్‌లో కాకుండా అసలు భాషలో సబ్‌టైటిల్స్ పెట్టుకుని రెండు మూడు పూర్తిగా చూడండి. అలాగే విభాగాలకి నంబర్లు ఉంటాయి, అడ్రస్ బార్‌లో నేరుగా కొట్టొచ్చు. డాక్యుమెంటరీలకి ఇది:

```
netflix.com/browse/genre/6839
```

ఇక కొత్త అకౌంట్ మాట. ఒకే అకౌంట్‌లో ఐదు ప్రొఫైళ్ల దాకా పెట్టుకోవచ్చు, కాబట్టి డబ్బు ఖర్చు లేకుండానే కొత్త ప్రొఫైల్ తెరిచి చూడొచ్చు. కానీ కొత్త ప్రొఫైల్ తెల్లకాగితం కాదు. మీ గురించి ఏమీ తెలియదు కాబట్టి దేశమంతా చూస్తున్నవే ముందు పెడుతుంది. మొదట్లో మీరు నొక్కిన నాలుగైదు సినిమాలు విపరీతమైన బరువుతో నిలబడిపోతాయి, ఎందుకంటే వాటితో పోటీకి ఇంకేమీ లేదు. ఒక ఇరుకులోంచి ఇంకో ఇరుకులోకి అన్నమాట. కొత్త ప్రొఫైల్‌తో నిజంగా లాభం పొందాలంటే దానికి ఒక పని కేటాయించండి. ఉదాహరణకి ఒక ప్రొఫైల్‌లో హోమ్‌లో వచ్చినవి అస్సలు నొక్కకుండా, బయట లిస్టులోంచి తెచ్చుకున్నవే సెర్చ్ చేసి చూడటం. రెండు నెలల తర్వాత రెండు ప్రొఫైళ్లనీ పక్కపక్కన తెరిస్తే తేడా కళ్లకి కడుతుంది.

బయట లిస్టు ఎక్కడి నుంచి అంటే, మీకు ఇప్పటికే ఒకటి ఉంది, ఆ ఫ్రెండ్. మనుషులు చెప్పినవి ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి. నచ్చిన సినిమా డైరెక్టర్ పేరు, ఛాయాగ్రాహకుడి పేరు పట్టుకుని వాళ్ల మిగతా సినిమాలు వెతకండి. `justwatch.com/in` లో పేరు కొడితే మన దేశంలో ఏ ఓటీటీలో ఉందో చెబుతుంది. చాలాసార్లు ఎక్కడా లేదని కూడా చెబుతుంది. ఆ హద్దు గుర్తుంచుకోండి. నెట్‌ఫ్లిక్స్ దగ్గర హక్కులు లేని సినిమాని ఎన్ని సెట్టింగ్స్ మార్చినా చూపించలేదు. పాత తెలుగు సినిమాలు, సమాంతర సినిమాలు వెతికేవాళ్లకి తగిలే గోడ చాలాసార్లు ఆల్గారిదమ్ కాదు, ఖాళీ అల్మరా. ఆ రెంటినీ కలిపి చూస్తే అనవసరంగా హిస్టరీ తుడుచుకుంటూ కూర్చుంటారు.

సెర్చ్, సొంత లిస్టు అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవం ఒక్కటే ఆధారం కాదు. యాష్టన్ ఆండర్సన్, స్పాటిఫై పరిశోధకులు కలిసి 2020లో ఒక పేపర్ ప్రచురించారు. ఆల్గారిదమ్ ఇచ్చింది వినే వాటా పెరిగినకొద్దీ వినే పాటల్లో వైవిధ్యం తక్కువగా ఉంది. కాలక్రమంలో వైవిధ్యం పెరిగినవాళ్లని తీసి చూస్తే, వాళ్లు సిఫార్సులు వినడం తగ్గించి సొంతంగా ఎంచుకుని వినడం పెంచినవాళ్లు. అదే పేపర్‌లో ఇంకో సంగతి ఉంది. రకరకాలుగా వినేవాళ్లు ఆ సర్వీసులో ఎక్కువ కాలం ఉంటున్నారు, ఉచితం నుంచి డబ్బు కట్టే ప్లాన్‌కి మారడం కూడా వాళ్లలోనే ఎక్కువ. కాబట్టి మనల్ని ఇరుకులో ఉంచడం కంపెనీకి దీర్ఘకాలంలో లాభమని నేననుకోను. ఈ రాత్రి మీరు నొక్కుతారా అన్నది కొలవడం సులువు, రెండేళ్ల తర్వాత విసిగిపోతారా అన్నది కొలవడం కష్టం. సులువైనదాన్ని కొలుస్తూ పోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి.

మారుతోందో లేదో అంచనాతో కాకుండా లెక్కతో చూడండి. ఈరోజు హోమ్ తెరిచి మొదటి ఇరవై పేర్లు స్క్రీన్‌షాట్ తీసుకోండి. అందులో ఎన్ని క్రైమ్, ఎన్ని భాషలు, మీరు ఇంతకుముందు వినని పేర్లు ఎన్ని, రాసుకోండి. మూడు వారాల తర్వాత అదే టైమ్‌కి, అదే డివైజ్‌లో మళ్లీ తియ్యండి. డివైజ్ మారితే పోలిక చెడుతుంది. క్రైమ్ తగ్గి, దాని స్థానంలో కొత్త పేర్లు కాకుండా ఆ వారం అందరూ చూస్తున్న సినిమాలే వచ్చాయంటే మీరు తీసేశారు గానీ నింపలేదు అని అర్థం. కొత్త పేర్లు వచ్చి, అన్నీ మీరు వెతికిన మలయాళం సినిమాలకి నకళ్లలా ఉంటే కొత్త ఇరుకు మొదలైంది, ఇంకో వైపు నుంచి రెండు మూడు చూడండి. వెతకని భాషలోనో, వెతకని రకంలోనో ఒకటి రెండు కనిపించి, అవి మీకు నిజంగా చూడాలనిపిస్తే మాత్రం పని జరుగుతోంది. ఆ ఒకటి రెండుని అప్పుడే నొక్కి పూర్తిగా చూడండి, వాచ్‌లిస్టులో పడేసి వదిలెయ్యొద్దు.